మూడు తప్పులున్న ప్రశ్న

పరీక్ష రాసి నవ్వుతూ వచ్చే పిల్లల్ని చూస్తే నాకు గుండెల్లో రాయి పడుతుంది. ఇరవై ఏళ్లుగా అనంతపురంలో ఒకే కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతున్నాను. ఏడుస్తూ వచ్చినవాళ్లకు తప్పు ఎక్కడ చేశారో తెలిసిపోయి ఉంటుంది. నవ్వుతూ వచ్చినవాళ్లకు ఇంకా తెలియదు, అంతే తేడా.

ఆ ఆదివారం మధ్యాహ్నం పద్మప్రియ నవ్వుతూనే వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగానికి పరీక్ష రాసి, ఇంటికి కూడా పోకుండా స్కూటీ నేరుగా మా ఇన్‌స్టిట్యూట్ ముందు ఆపింది. స్టాఫ్ రూములో నేనూ, ఇంగ్లీషు చెప్పే ఆంజినప్ప సారూ కూర్చుని ఉన్నాం. బయట గాలి ఎర్రమట్టిని తెచ్చి కిటికీ మీద పోస్తోంది.

"సార్, మీ ప్రశ్న వచ్చినాది!" అంటూ ఆమె ప్రశ్నపత్రం సారు చేతిలో పెట్టింది.

సారు కళ్లజోడు పెట్టుకున్నారు. నేనూ తల వంచి చూశాను. కింది వాక్యాల్లో తప్పుగా ఉన్నది ఏది అని అడిగి నాలుగు ఇంగ్లీషు వాక్యాలు ఇచ్చారు. మొదటిది, ద డేటా ఈజ్ స్టోర్డ్ సేఫ్‌లీ. రెండోది, ద మీడియా హాజ్ రిపోర్టెడ్ ఇట్. మూడోది, దిస్ క్రైటీరియా ఈజ్ న్యూ. నాలుగోది, ది అజెండా ఈజ్ రెడీ.

"ఏం పెట్టినావమ్మా?" అన్నారు సారు.

"ఒకటి సార్. నాకు మూడు తప్పులు కనపడినాయి. ఏదో ఒకటే పెట్టల్ల గదా. అన్నిటికంటే పెద్ద తప్పు డేటా ఈజ్ అని మీరు చెప్తాంటిరి, అదే పెట్టినా."

సారు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆమెకు ఇచ్చేశారు. "మంచిదమ్మా, ఇంటికి పోయి అన్నం తిను" అన్నారు. పరీక్ష అయిన రోజు ఆయన నోరు ఆగదు, ప్రతి ప్రశ్నా విప్పి చెబుతారు. ఆ రోజు కళ్లజోడు తీసి తుడుస్తూనే కూర్చున్నారు.

నాకు ఇంగ్లీషు అంతంత మాత్రమే. కానీ ఒకే జవాబు రావాల్సిన లెక్కకు మూడు జవాబులు వస్తే, లెక్క ఇచ్చినవాణ్ని కాదు, ముందు చేసినవాణ్ని అనుమానించాలని తెలుసు. చేసినవాడికి నేర్పినవాణ్ని కూడా.

ఆంజినప్ప సారు సంగతి ఇక్కడ కొంత చెప్పాలి. పామిడి అవతల ఒక చిన్న పల్లె ఆయనది. వాళ్ల నాయన సుంకప్ప జీవాలు కాసేవాడు. సారు తొమ్మిదో తరగతిలో ఉండగా, బదిలీ మీద వెళ్లిపోతున్న మాస్టరు ఒక పాత ఇంగ్లీషు వ్యాకరణం పుస్తకం ఇచ్చి పోయాడు. అట్టా లేదు, ముందు పేజీలూ లేవు. ఆ పుస్తకాన్నే గొర్రెల వెనక తిరుగుతూ బట్టీ పట్టారు. గొర్రెను ఇంగ్లీషులో ఒకటైనా షీపే అంటారు, వందైనా షీపే అంటారని అందులో చదివి, రాత్రి వాళ్ల నాయనకు చెబితే, "అయితే ఆ దొరలు ఒక్క దినమన్నా మంద కాసినోళ్లు కాదురా" అన్నాడట. ఈ కథ ఆయన ప్రతి బ్యాచ్‌కూ చెబుతారు, ప్రతి బ్యాచూ నవ్వుతుంది, నేనూ పక్క గదిలోంచి నవ్వుతాను.

తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషు ఎమ్మే చేశారు. లెక్చరర్ ఇంటర్వ్యూలకు మూడుసార్లు పోయి మూడుసార్లూ తిరిగొచ్చారు. ఆఖరికి మా జయరాం పెట్టిన ఈ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి ఇరవై రెండేళ్లు. ఊళ్లో ఇంగ్లీషుకు ఆయన పేరే చెబుతారు. చేత్తో రాసిన రెండు వందల పేజీల నోట్సు ఉంది. జిరాక్స్ షాపులన్నిట్లో దొరుకుతుంది. అందులో నలభై ఒకటో పేజీ అందరికీ కంఠతా వచ్చు. దాని పేరు 'బేరం లేని నాలుగు'.

డేటమ్ డేటా, మీడియమ్ మీడియా, క్రైటీరియన్ క్రైటీరియా, ఫినామినన్ ఫినామినా. లాటిన్ మాటలు, చివర 'ఆ' వస్తే బహువచనం, ఈజ్ అనకూడదు, ఆర్ అనాలి, బేరం లేదు. ఇది ఆయన పాడినట్టు చెబితే నూట నలభై గొంతులు తిరిగి పాడేవి. పక్క గదిలో నా శాతాలు ఆగిపోయేవి. విసుక్కునేవాణ్ని కానీ, మనసులో కుళ్లు కూడా ఉండేది. నా సూత్రాలను ఎవరూ పాడరు.

పద్మప్రియది బుక్కరాయసముద్రం. ఒక ఆఫీసులో కాంట్రాక్టు మీద డేటా ఎంట్రీ ఆపరేటర్. పగలంతా అక్కడ కీబోర్డు కొట్టి, సాయంత్రం బ్యాచ్‌కు వచ్చేది. వయసు పరిమితికి ఇదే ఆఖరి సంవత్సరం. ఈసారి ఉద్యోగం రాకపోతే ఇక దరఖాస్తు పెట్టే వీలే లేదు. కాంట్రాక్టు ఎప్పుడు తీసేస్తారో ఆమెకే తెలియదు.

రెండేళ్ల కిందట క్లాసులో ఆమె లేచి అడిగింది, నాకు బాగా గుర్తుంది. "సార్, మా కంప్యూటర్లో దినమ్మూ 'డేటా ఈజ్ సేవ్డ్' అనే వస్తాది. అది తప్పా?"

"కంప్యూటర్‌కు గ్రామర్ రాదమ్మా, అది నా క్లాసుకు రాలేదు" అన్నారు సారు. క్లాసు గొల్లుమంది. ఆమె కూడా నవ్వి కూర్చుంది. ఆ ప్రశ్నకు అప్పుడే జవాబు చెప్పి ఉంటే ఈ కథ నేను రాసేవాణ్ని కాదు.

బుధవారం పొద్దున ప్రాథమిక కీ వచ్చింది. ఆ ప్రశ్నకు జవాబు మూడు.

మా ఇన్‌స్టిట్యూట్ నుంచి రాసినవాళ్లలో సగానికి పైగా ఒకటి పెట్టారు. కొందరు రెండు పెట్టారు. ఎప్పుడూ క్లాసుకు సరిగా రాని వాళ్లలో మాత్రం చాలామంది మూడు పెట్టి ఉన్నారు. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు నవ్వు రాలేదు.

పద్మప్రియ మార్కులు నేనే లెక్క వేశాను. సరైన జవాబుకు ఒక మార్కు, తప్పుకు మూడో వంతు కోత. తొంభై ఏడు పాయింట్ ఆరు ఏడు వచ్చింది. కటాఫ్ తొంభై ఎనిమిది దాటుతుందని నా అంచనా. ఆ ఒక్క ప్రశ్న కలిసొస్తే ఆమె తొంభై తొమ్మిదిలో ఉంటుంది. కాగితం మీద రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూపించాను. ఆమె చాలాసేపు ఆ కాగితమే చూసింది.

అభ్యంతరాలు పెట్టడానికి మూడు రోజులు గడువు. జయరాం స్టాఫ్ రూములోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏమప్పా ఆంజినప్పా, నువ్వు చెప్పిందే గదా పిల్లోళ్లు రాసినారు. పుస్తకం పేజీ పెట్టి నువ్వొక కాగితం రాసియ్యి. అందరూ అదే అప్‌లోడ్ చేస్తారు. లేకుంటే వచ్చే బ్యాచ్‌కు మొగం ఎట్ల చూపిస్తాం?"

"చూస్తానన్నా" అన్నారు సారు.

"చూసేదేముండాది? ఇరవై రెండేండ్లుగా చెప్తాండావు గదా!"

మరుసటి రోజు సారు నన్ను వాళ్లింటికి రమ్మన్నారు. బీరువా మీది నుంచి లావుపాటి డిక్షనరీ దించారు. కొత్తదానిలాగే ఉంది, అట్ట కూడా నలగలేదు. డేటా ఉన్న పేజీ తెరిచి నా ముందు పెట్టారు. ఏకవచనంగానూ బహువచనంగానూ రెండు రకాలా వాడవచ్చని అందులో ఉంది. ఆ వాక్యం పక్కన పెన్సిల్‌తో ఒక టిక్కు ఉంది.

"లక్ష్మీపతీ, మనం నీళ్లు వచ్చినాయి అంటాం. నీరు వచ్చింది అని గూడా అంటాం. దాంట్లో తప్పేది?" అన్నారు.

"రెండూ సరే."

"డేటా అట్లయిపోయినాది. ఒక్కొక్క అంకె వేరేగా చూసేటోళ్లు ఆర్ అంటారు. అంతా ఒక కుప్పగా చూసేటోళ్లు ఈజ్ అంటారు. సైన్సు పత్రికల్లో ఇప్పటికీ ఆర్ రాయల్లని పట్టుబట్టేటోళ్లు ఉండారు, వాళ్లదీ తప్పు కాదు. మీడియా అట్లనే. పేపర్లూ టీవీలూ అన్నీ కలిపి ఒక గుంపు అనుకొంటే హాజ్ అనొచ్చు."

"మరి క్రైటీరియా?"

"అది ఇంకా గడప దాటలేదు. మాట్లాడేటప్పుడు చానామంది దిస్ క్రైటీరియా అంటారు, రాతలో ఇప్పటికీ తప్పే. ఒకటైతే క్రైటీరియన్ అనే రాయల్ల. ఫినామినా గూడా అంతే. అజెండా ఉండాది చూడు, అది ఎప్పుడో దాటిపోయినాది. అజెండమ్ అని ఒకటుండేదని ఎవురికీ గుర్తు గూడా లేదు. ఇప్పుడు దానికి ఎస్ తగిలించి అజెండాస్ అని ఇంకో బహువచనం చేసుకొన్యారు."

ప్రశ్న పెట్టినవాడు ఎంత తెలిసినవాడో అప్పుడు అర్థమైంది. ఏవి దాటాయో, ఏది దాటలేదో కనిపెట్టమన్నాడు. నాలుగింటినీ ఒకే తాడుకు కట్టినవాళ్లందరూ అక్కడ పడిపోతారు.

"ఇంకొకటి గూడా ఉండాది" అన్నారు సారు గొంతు తగ్గించి. "నాలుగూ లాటిన్ అని నోట్సులో రాసినా. క్రైటీరియా, ఫినామినా లాటిన్ కాదు. గ్రీకు."

"అంటే మూడే సరైన జవాబు."

"మూడే."

పెన్సిల్ టిక్కు మీద వేలు పెట్టాను. "ఇది ఎప్పుడు పెట్టినారు సార్?"

ఆయన కిటికీ వైపు చూశారు. "ఆరేండ్లయింది."

నాకు కోపం నషాళానికి అంటింది. ఆరేళ్లు! ఎన్ని బ్యాచులు, ఎన్ని గొంతులు! "ఎందుకు చెప్పలేదు సార్?" అని కొంచెం గట్టిగానే అడిగాను.

"నాలుగూ ఒక పాటగా ఉంటే పిల్లోళ్లకు గుర్తుంటాది. రెండు ఇట్ల, రెండు అట్ల అంటే తికమక పడతారు అనుకొన్యా. పరీక్ష పెట్టేటోళ్లు గూడా పాతకాలమోళ్లే, వాళ్లు ఆర్ అనే అడుగుతాండ్రి. మూడు పరీక్షల్లో అట్లే వచ్చినాది, నా పిల్లోళ్లకు మార్కులు పడినాయి." డిక్షనరీ మూశారు. "అవన్నీ సాకులప్పా. ఆ పుస్తకం మా నాయన మంద ఎనకాల నేర్చుకొన్యా. అది పాతబడిందని క్లాసులో నిలబడి చెప్పబుద్ధి కాలేదు."

"అయితే కాగితం రాయొద్దు" అన్నాను. ఆయన తల ఊపారు. ఆ ఊపు చూసి నమ్మి ఇంటికి వచ్చాను. మనిషి తల ఊపడానికి రెండు అర్థాలుంటాయని నాకు ఈ వయసులో కూడా తట్టలేదు.

మూడో రోజు సాయంత్రం అయిదుకు గడువు ముగుస్తుంది. మూడు గంటలకు పద్మప్రియ ఆఫీసులో పర్మిషన్ పెట్టి వచ్చింది. వరండా నిండా పిల్లలు, ఎవరూ మాట్లాడటం లేదు. అంతమంది చేరి అంత నిశ్శబ్దంగా ఉండటం మా ఇన్‌స్టిట్యూట్‌లో నేనెప్పుడూ చూడలేదు.

ఆమె సారు బల్ల దగ్గర నిలబడింది. "మీరు రాస్తే సాలు సార్. మీ మాట ఎవురూ కాదనరు."

సారు నా వైపు చూశారు. నేను అడ్డంగా తల ఊపాను. ఆయన తెల్లకాగితం తీసుకున్నారు. డేటా అనే పదం ఎల్లప్పుడూ బహువచనమేనని, కాబట్టి మొదటి వాక్యం కూడా తప్పేనని, ప్రశ్నకు ఒకటికి మించి జవాబులు ఉన్నాయని ఇంగ్లీషులో రాశారు. 'ఎల్లప్పుడూ' దగ్గర కలం ఆగింది. మళ్లీ కదిలింది. కింద సంతకం పెట్టి, పాత పుస్తకంలోని పేజీ జిరాక్సు జత చేయమన్నారు. ముందు పేజీలు లేని పుస్తకం గనుక అది ఏ కాలం నాటిదో తెలిసే వీలు లేదు. ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆ కాగితాన్ని పిల్లలు ఫోన్లలో ఫోటో తీసుకుంటుంటే నేను లేచి నా క్లాసుకు వెళ్లిపోయాను. నోరు విప్పి ఉండవచ్చు. విప్పితే పద్మప్రియకు ఉన్న ఆ కాస్త ఆశ కూడా నేనే తెంపినట్టవుతుందని నాకు నేను చెప్పుకున్నాను. అదీ సాకే.

తరువాత అయిదు వారాలు గడిచాయి. ఆ అయిదు వారాలూ ఎలా గడిచాయో చెప్పడం కష్టం. సారు కొత్త బ్యాచ్‌కు నలభై నుంచి నేరుగా నలభై రెండో పేజీకి వెళ్లారు. పాట వినపడలేదు. అన్నం డబ్బా సగం తిని మూసేసేవారు. ఫోన్ మోగితే ముందు దాని వైపు చూసి, కాసేపటికి ఎత్తేవారు. పద్మప్రియ మాత్రం వారానికోసారి వచ్చి, "ఇంకా రాలేదా సార్?" అని అడిగి, రాలేదనగానే తేలిగ్గా ఊపిరి పీల్చుకుని వెళ్లేది. రాకపోవడమే మంచి వార్త అయిపోయింది మాకు.

వచ్చింది. తుది కీలో కొన్ని జవాబులు మారాయి. ఆ ప్రశ్నకు మారలేదు. మూడే. కటాఫ్ తొంభై ఎనిమిది పాయింట్ మూడు మూడు. పద్మప్రియకు తొంభై ఏడు పాయింట్ ఆరు ఏడు. తేడా మార్కులో మూడింట రెండు వంతులు. నా అంచనా అంత కచ్చితంగా వచ్చినందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

జయరాం మరుసటి రోజే దారి కనుక్కున్నాడు. ప్రశ్న పెట్టినవాళ్లకు ఇంగ్లీషు రాదని కరపత్రం వేద్దామన్నాడు. సారు వినిపించనట్టు లేచి క్లాసుకు వెళ్లిపోయారు.

నాలుగు రోజుల తరువాత మధ్యాహ్నం పద్మప్రియ వచ్చింది. చేతిలో ఆ నోట్సు, రెండు వందల పేజీలు, స్పైరల్ బైండింగ్ చేయించినది. స్టాఫ్ రూములో మేమిద్దరమే ఉన్నాం. ఆమె కూర్చోలేదు.

"సార్, డిక్షనరీ చూసినా. ఒకటి గాదు, మూడు చూసినా. డేటాకు రెండూ రాయొచ్చని అన్నిట్లో ఉండాది. క్రైటీరియాకు లేదు."

"అవునమ్మా."

"మీకు తెలీదా సార్?"

అబద్ధం చెబుతారేమోనని ఒక్క క్షణం అనుకున్నాను. చెప్పాలని కూడా కోరుకున్నాను, సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను.

"తెలుసు" అన్నారు సారు. "ఆరేండ్ల నుంచి తెలుసు."

"ఆ కాగితం రాసేటప్పుడు?"

"అప్పుడూ తెలుసు. నీకు మార్కు వస్తాదేమో అని రాసినా."

ఆమె ఏడ్చి ఉంటే బాగుండేది. తిట్టినా బాగుండేది. మేమిద్దరం దానికి సిద్ధంగానే ఉన్నాం. ఆమె నోట్సును బల్ల మీద పెట్టి, సంచిలోంచి ఎర్ర పెన్ను తీసి దాని పక్కన పెట్టింది.

"నా కథ అయిపాయ సార్. మా చెల్లెలు హేమలత వచ్చే ఏడు పరీక్ష రాస్తాది. దీంట్లో చదువుకొనే నేర్చుకొంటాండాది. ఇంక యే యే పేజీలు తప్పో గుర్తు పెట్టియ్యండి."

సారు పెన్ను తీసుకున్నారు. మొదటి పేజీ తెరిచారు. తన అక్షరాలనే ఎవరో రాసినట్టు చూశారు. పెన్ను కాగితానికి తగిలించి, ఏమీ రాయకుండా ఎత్తేశారు. ఇంకో వాక్యం దగ్గర ఆనించి మళ్లీ ఎత్తారు.

"నాకు తెలీదమ్మా" అన్నారు ఆఖరికి. ఇరవై ఏళ్లలో ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదటిసారి.

"సరే సార్. నిదానంగా చూడండి. నేను ఈడనే ఉంటా" అని ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

నాలుగున్నరకు సాయంత్రం బ్యాచ్ పిల్లలు పుస్తకాలు పట్టుకుని వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. సారు ఇంకా మొదటి పేజీలోనే ఉన్నారు.